240 కాల్స్, 25 కుర్చీలు

హైదరాబాద్‌లో ఒక బ్యాంకు కస్టమర్ కేర్ ఫ్లోర్‌ని ఊహించుకుందాం. సోమవారం ఉదయం 11 నుంచి 12 గంటల మధ్య 240 కాల్స్ వస్తాయని అంచనా. కార్డు పోయిందనేవారు, ఈఎంఐ రెండుసార్లు కట్ అయిందనేవారు, ఓటీపీ రావడం లేదనేవారు, అందరినీ కలిపి చూస్తే ఒక్కో కాల్‌కి సగటున 5 నిమిషాలు పడుతోంది. ఆ గంటలో హెడ్‌సెట్ పెట్టుకుని ఎంతమంది కూర్చోవాలి?

లెక్క నోటితోనే తేలిపోయేలా కనిపిస్తుంది. 240 కాల్స్‌ని 5 నిమిషాలతో గుణిస్తే 1200 నిమిషాల పని. ఒక మనిషికి గంటలో ఉన్నవి 60 నిమిషాలు. 1200ని 60తో భాగిస్తే 20. కాబట్టి 20 మంది చాలు.

చాలరు. 20 మందినే కూర్చోబెడితే ఆ ఫ్లోర్ కోలుకోలేదు. క్యూ పెరుగుతూ పోతుంది తప్ప తరగదు. పైన చేసిన గుణకారంలో, భాగహారంలో తప్పేమీ లేదు. అది చెప్పేది పని మొత్తం ఎంత అని మాత్రమే. ఆ పని ఏ వరుసలో వచ్చి పడుతుందో దానికి తెలియదు. కాల్ సెంటర్‌లో కష్టమంతా ఆ వరుసలోనే ఉంది.

గంటకి 240 అంటే నిమిషానికి సగటున 4 కాల్స్. ఫోన్ చేసేవాళ్లు ఒకరితో ఒకరు మాట్లాడుకుని వంతులవారీగా చేయరు కదా. ఎవరి అవసరం వాళ్లది, ఎవరి సమయం వాళ్లది. అలా ఎవరికి వారుగా వచ్చే కాల్స్ ఒక నిమిషంలో నాలుగే ఉండాలని లేదు. సంభావ్యత లెక్క ప్రకారం ఆ గంటలో ఒక నిమిషం అసలు ఫోనే మోగకుండా గడిచిపోవచ్చు. సుమారు మూడు నిమిషాల్లో మాత్రం ఎనిమిదో అంతకన్నా ఎక్కువో కాల్స్ ఒక్కసారిగా వచ్చి పడతాయి. ఫోన్ మోగని నిమిషంలో ఖాళీగా ఉన్న ఏజెంట్ ఆ సమయాన్ని దాచిపెట్టి, ఎనిమిది కాల్స్ వచ్చిన నిమిషంలో ఖర్చు పెట్టలేడు. పోయిన ఖాళీ పోయినట్టే. వచ్చిన రద్దీ మాత్రం తర్వాతి నిమిషాల మీదికి పాకుతుంది. సరిగ్గా 20 మందే ఉంటే ఆ బాకీ తీర్చడానికి ఎక్కడా వెసులుబాటు ఉండదు.

మరి ఎంతమంది అదనంగా కావాలి? ఒకరా, అయిదుగురా, పదిమందా? ఈ ప్రశ్నకి జవాబు కాల్ సెంటర్లు పుట్టడానికి చాలా ముందే, 1917లో వచ్చింది.

డెన్మార్క్‌లో కోపెన్‌హేగన్ టెలిఫోన్ కంపెనీకి అప్పట్లో చీఫ్ ఇంజనీర్ యోహాన్ యెన్సెన్. గణిత విద్యార్థులు ఈ రోజుకీ చదువుకునే యెన్సెన్ అసమానత ఆయనదే. ఆయన పరిచయంతో 1908లో ఆ కంపెనీలో చేరిన గణితవేత్త అగ్నర్ క్రారప్ ఎర్లాంగ్. టెలిఫోన్ ఎక్స్‌చేంజ్‌లో లైన్లు ఎన్ని ఉండాలి, ఆపరేటర్లు ఎంతమంది ఉండాలి అనేది కంపెనీకి డబ్బుతో ముడిపడిన ప్రశ్న. ఎర్లాంగ్ 1909లో రాసిన పత్రంలో, కాల్స్ యాదృచ్ఛికంగా వస్తున్నాయని అనుకుంటే వాటి సంఖ్య పాయిసన్ పంపిణీని అనుసరిస్తుందని చూపించాడు. 1917లో రాసిన పత్రంలో రెండు సూత్రాలు ఇచ్చాడు. లైన్ దొరకనివాళ్ల కాల్ అక్కడికక్కడే తెగిపోయే పద్ధతికి ఒకటి, దొరికేదాకా వేచి ఉండే పద్ధతికి మరొకటి. మొదటిదాన్ని ఎర్లాంగ్ బి అనీ, రెండోదాన్ని ఎర్లాంగ్ సి అనీ పిలుస్తారు. కాల్ సెంటర్ మనుషుల లెక్కకి పనికొచ్చేది రెండోది. ఒక లైన్ గానీ ఒక మనిషి గానీ గంటంతా ఎడతెగకుండా పనిలో ఉంటే అది ఒక ఎర్లాంగ్ భారం. మన బ్యాంకు ఫ్లోర్‌లో ఆ గంట భారం 20 ఎర్లాంగులు.

ఎర్లాంగ్ సి సూత్రం ఒక కాలర్ కనెక్ట్ అయ్యేసరికి ఏజెంట్లందరూ బిజీగా ఉండే అవకాశం ఎంతో చెబుతుంది. దాన్నుంచి సగటు నిరీక్షణ ఎంతో, ఫలానా సెకన్లలోపు జవాబు దొరికేవాళ్లు నూటికి ఎందరో కూడా రాబట్టవచ్చు. మన 20 ఎర్లాంగుల మీద దీన్ని నడిపిస్తే కనిపించే దృశ్యం ఇది.

20 మందికి ఒక్కరిని కలిపి 21 మందిని పెడితే క్యూ అదుపులోకి వస్తుంది గానీ, కాలర్ సగటున 3 నిమిషాల 48 సెకన్లు సంగీతం వింటూ కూర్చోవాలి. 22 మంది ఉంటే నిరీక్షణ ఒక్కసారిగా 1 నిమిషం 25 సెకన్లకి పడిపోతుంది. 23 మందితో 42 సెకన్లు, 24 మందితో 22 సెకన్లు, 25 మందితో పన్నెండున్నర సెకన్లు. 26వ మనిషి వచ్చినా తగ్గేది మరో అయిదు సెకన్లే. 22వ ఏజెంట్ ఒక్కరే సగటు నిరీక్షణలో రెండు నిమిషాలకి పైగా కోసేశారు. 26వ ఏజెంట్‌కి కూడా అంతే జీతం, అంతే శ్రద్ధ, కానీ వచ్చిన ఫలితం అయిదు సెకన్లు. ఫ్లోర్ మీద ఎవరి విలువ ఎంత అనేది వాళ్ల పనితనం ఒక్కదానితోనే తేలదు, ఆ గంటలో వాళ్లు ఎన్నోవారుగా కూర్చున్నారనేదాని మీద కూడా ఆధారపడుతుంది.

ఎక్కడ ఆగాలో తేల్చేది కంపెనీ పెట్టుకున్న లక్ష్యం. పరిశ్రమలో వాడుకగా స్థిరపడింది 80/20. అంటే నూటికి 80 కాల్స్‌కి 20 సెకన్లలోపు జవాబు దొరకాలి. దీన్నే సర్వీస్ లెవల్ అంటారు. మన లెక్కలో 24 మందితో ఇది 77 శాతం దగ్గర ఆగుతుంది, 25 మందితో 85 శాతానికి చేరుతుంది. కాబట్టి జవాబు 25. 80/20 అనేది ప్రకృతి నియమమేమీ కాదు. మన దేశంలో టెలికాం కంపెనీల కస్టమర్ కేర్‌కి ట్రాయ్ పెట్టిన కొలత వేరు. ఆపరేటర్‌తో మాట్లాడాలని కోరిన కాల్స్‌లో 95 శాతానికి 90 సెకన్లలోపు జవాబు రావాలంటుంది. చిత్రంగా మన ఉదాహరణలో ఆ లక్ష్యానికి కూడా 25 మందే సరిపోతారు.

లెక్కని చేత్తో చేయడం విసుగు. కంప్యూటర్‌కి మాత్రం పది పదకొండు గీతల పని. పైథాన్‌లో ఇలా రాసుకోవచ్చు:

```python
import math

def service_level(calls, aht, n, t):
    a = calls * aht / 3600
    if n <= a:
        return 0
    b = 1
    for k in range(1, n + 1):
        b = a * b / (k + a * b)
    c = n * b / (n - a * (1 - b))
    return 1 - c * math.exp(-(n - a) * t / aht)

print(service_level(240, 300, 25, 20))
```

ఇందులో `calls` గంటకి వచ్చే కాల్స్, `aht` ఒక్కో కాల్‌కి పట్టే సెకన్లు, `n` ఏజెంట్ల సంఖ్య, `t` లక్ష్యంగా పెట్టుకున్న సెకన్లు. చివరి గీత 0.85 అని చూపిస్తుంది. 25 బదులు 24, 23 అని మార్చి చూస్తే సర్వీస్ లెవల్ ఒక్కో మెట్టే దిగుతూ కనిపిస్తుంది.

కాగితం కూడా లేకుండా సుమారుగా తేల్చడానికి ఒక చిట్కా ఉంది. భారానికి దాని వర్గమూలాన్ని కలపాలి. 20కి వర్గమూలం దాదాపు నాలుగున్నర. రెండూ కలిపితే ఇరవై నాలుగున్నర, అంటే 25. ఈ చిట్కా వెనక గట్టి గణితం ఉంది. హాల్ఫిన్, విట్ అనే ఇద్దరు పరిశోధకులు 1981లో దాన్ని పకడ్బందీగా నిరూపించారు. భారం పెరిగినంత వేగంగా అదనపు మనుషుల అవసరం పెరగదని అందులోంచి తెలుస్తుంది. 100 ఎర్లాంగుల భారానికి అదనంగా కావలసింది 25 మంది కాదు, పదిమందే.

దీనివల్ల పెద్ద క్యూకి చిన్న క్యూల మీద పైచేయి ఉంటుంది. ఇదే బ్యాంకు తన కాల్స్‌ని తెలుగు, హిందీ అని సరిగ్గా సగం సగం విడదీసి, ఏ భాష ఏజెంట్లు ఆ భాష కాల్సే తీసుకోవాలని నియమం పెట్టిందనుకోండి. ఒక్కో క్యూకి 10 ఎర్లాంగులు. 80/20 అందుకోవాలంటే ఒక్కోదానికి 14 మంది కావాలి, మొత్తం 28. కాల్స్ పెరగలేదు, ఒక్కో కాల్‌కి పట్టే సమయం పెరగలేదు, మధ్యలో గోడ కట్టినందుకు ముగ్గురు మనుషులు ఎక్కువయ్యారు. రైల్వే స్టేషన్‌లో ఒక కౌంటర్ ముందు జనం నిలబడి ఉంటే పక్క కౌంటర్ గుమాస్తా ఖాళీగా కూర్చోవడం లాంటిదే ఇది. రెండు భాషలూ వచ్చినవాళ్లు కొందరు ఉండి, ఎటు రద్దీ ఉంటే అటు కాల్ తీసుకునే వీలుంటే ఈ నష్టంలో చాలాభాగం తిరిగి వస్తుంది. హైదరాబాద్ లాంటి ఊళ్లో తెలుగు, హిందీ రెండూ ధారాళంగా మాట్లాడేవాళ్లకి కొదవ లేదు. ఈ సౌకర్యాన్ని రోస్టర్‌లో వాడుకోని సంస్థ తన ఖర్చు తానే పెంచుకుంటున్నట్టు లెక్క.

సూత్రం ఎంత చక్కగా ఉన్నా, అందులో పోసే అంకెలు సరైనవి కాకపోతే వచ్చే జవాబు పనికిరాదు. ఆచరణలో లెక్క తప్పేది దాదాపు ఎప్పుడూ అక్కడే.

మొదటిది 240 అనే అంచనా. రోస్టర్లు వేసే వర్క్‌ఫోర్స్ బృందాలు సాధారణంగా గత కొన్ని వారాల సోమవారాలని పక్కపక్కన పెట్టి, ఈ సోమవారం మొత్తం 2000 కాల్స్ వస్తాయని, వాటిలో 11 నుంచి 12 మధ్య 12 శాతం పడతాయని తేలుస్తాయి. అలా వచ్చిందే 240. ఇక్కడ ఒక గోతి ఉంది. పాత రిపోర్టులోంచి ఏజెంట్లు జవాబు చెప్పిన కాల్స్ తీసుకోవడమా, కస్టమర్లు చేసిన కాల్స్ తీసుకోవడమా? పోయిన వారం మనుషులు తక్కువై 40 మంది విసిగి ఫోన్ పెట్టేస్తే, జవాబు దొరికిన కాల్స్ 200 అనే కనిపిస్తాయి. ఆ 200 చూసి ఈ వారం మనుషులని ఇంకా తగ్గిస్తే, ఇంకొంతమంది పెట్టేస్తారు. మనుషుల కొరతే డిమాండ్ తక్కువన్న భ్రమ కల్పిస్తుంది. అందుకని తీసుకోవలసింది వచ్చిన కాల్స్‌నే. మళ్లీ అందులోనూ జాగ్రత్త అవసరం. పెట్టేసినవాళ్లే పది నిమిషాల తర్వాత తిరిగి చేస్తే ఒకే మనిషి రెండు మూడు కాల్స్‌గా లెక్కకి వస్తాడు. ఒకే నంబర్ నుంచి అరగంటలో వచ్చిన కాల్స్‌ని ఒకటిగా కలిపి చూస్తే అసలు డిమాండ్ బయటపడుతుంది.

అంచనా ఎంత మంచిదైనా అది సగటే. సగటు 240 అయినప్పుడు పాయిసన్ లెక్క ప్రకారం వచ్చే సహజమైన హెచ్చుతగ్గు, 240 వర్గమూలం అంటే సుమారు పదిహేనున్నర. నూటికి 95 సోమవారాల్లో ఆ గంట కాల్స్ 209కి 271కి మధ్య ఉండాలి. ఈ పరిధిలో ఉన్న తేడాకి అంచనా వేసినవాళ్లని నిలదీయడం అన్యాయం. తరచూ 300 దాటుతున్నాయంటే మాత్రం ఏదో కారణం లెక్కలో చేరలేదని అర్థం. కార్డు బిల్లులు పంపిన రోజో, యాప్ మొరాయించిన రోజో అయ్యుండాలి. అలాంటి రోజుల్ని విడిగా గుర్తు పెట్టుకోవాలి.

రెండో అంకె ఆ 5 నిమిషాలు. కాల్ సెంటర్ భాషలో దీన్ని ఏహెచ్‌టీ అంటారు. మాట్లాడిన సమయం ఒక్కటే అందులో ఉండదు. హోల్డ్‌లో పెట్టిన సమయం, ఫోన్ పెట్టేశాక కంప్లైంట్ నమోదు చేసి, కోడ్ ఎంచుకుని, తర్వాతి కాల్‌కి సిద్ధం అయ్యేదాకా పట్టే వ్రాప్‌అప్ సమయం కూడా కలపాలి. ఒక్క మాటల సమయమే తీసుకుంటే భారం తక్కువగా కనిపిస్తుంది. ఈ అంకె ఎంత సున్నితమైందో చూడండి. కొత్త సాఫ్ట్‌వేర్ స్క్రీన్ వచ్చి, ఒక్కో కాల్ చివర మరో అరనిమిషం టైపింగ్ చేరిందనుకోండి. ఏహెచ్‌టీ అయిదున్నర నిమిషాలైంది, భారం 20 నుంచి 22 ఎర్లాంగులకి పెరిగింది. అదే 25 మంది కూర్చున్నా 80/20 కాస్తా 64/20కి జారిపోతుంది, సగటు నిరీక్షణ పన్నెండు సెకన్ల నుంచి 48 సెకన్లకి, అంటే దాదాపు నాలుగింతలకి చేరుతుంది. పని పెరిగింది పది శాతమే. మళ్లీ లక్ష్యం అందుకోవాలంటే 27 మంది కావాలి. స్క్రీన్ మార్చిన విభాగానికి ఈ ఇద్దరు మనుషుల సంగతి తెలియకపోవడం, ఫ్లోర్ మీద టీమ్ లీడర్ మాట పడటం చాలాచోట్ల జరిగేదే.

ఏహెచ్‌టీని బలవంతంగా తగ్గించాలని చూసినా ముప్పే. అమెరికా గణాంకవేత్త లారెన్స్ బ్రౌన్, ఆయన సహచరులు ఇజ్రాయెల్‌లోని ఒక చిన్న బ్యాంకు కాల్ సెంటర్‌లో 1999లో నమోదైన ప్రతి కాల్‌నీ పరిశీలించి 2005లో ఒక పత్రం ప్రచురించారు. కాల్ వ్యవధుల గ్రాఫ్ గీస్తే మొదట్లోనే ఒక వింత గుట్ట కనిపించింది, పది సెకన్లలోపే ముగిసిన కాల్స్ అనుమానం వచ్చేటన్ని ఉన్నాయి. ఆరా తీస్తే, కొందరు ఏజెంట్లు కాస్త విశ్రాంతి దొరుకుతుందని కస్టమర్ ఫోన్ కట్ చేసేస్తున్నారని తేలింది. సగటు ఒక్కటే చూస్తూ కూర్చున్న మేనేజర్‌కి ఇది ఎప్పటికీ కనిపించదు. సగటు కాస్త తగ్గిందని సంతోషపడి ఉంటాడు కూడా. ఆ కస్టమర్లు తిరిగి ఫోన్ చేయడంతో కాల్స్ సంఖ్య పెరుగుతుంది. అందుకని ఏహెచ్‌టీ సగటుతో పాటు, ఎన్ని కాల్స్ ఎంతసేపు సాగాయో గ్రాఫ్ గీసి చూడటం మంచి అలవాటు.

అదే అధ్యయనంలో మరొకటి తేలింది. ఎర్లాంగ్ సూత్రం కాల్ వ్యవధులు ఒక నిర్దిష్టమైన ఆకారంలో, ఎక్స్‌పొనెన్షియల్ పంపిణీలో ఉంటాయని అనుకుంటుంది. అసలు వ్యవధులు లాగ్‌నార్మల్ అనే వేరే ఆకారానికి దగ్గరగా ఉన్నాయి. ఈ తేడా మనుషుల సంఖ్యని పెద్దగా కదిలించదు. అంతకన్నా చాలా ఎక్కువ దెబ్బ కొట్టేది మరొకటి ఉంది, అది గంట అనే కొలమానమే.

మన గంటలో 240 కాల్స్ మొదటి అరగంటలో 138, రెండో అరగంటలో 102గా విడిపోయాయనుకుందాం. పదకొండు కొట్టగానే జోరు, భోజన సమయం దగ్గరపడేకొద్దీ తగ్గుదల, ఎక్కడైనా కనిపించేదే. గంటంతా 25 మందే ఉంటే మొదటి అరగంటలో 20 సెకన్లలోపు జవాబు దొరికేది 48 శాతానికే. రెండో అరగంటలో 97 శాతానికి దొరుకుతుంది. కాల్స్ లెక్కన కలిపి చూస్తే 69 శాతం. గంట మొత్తానికి లెక్క వేసి 85 వస్తుందని చూసుకున్నవాళ్లకి ఈ 69 అర్థం కాదు, తప్పు ఏజెంట్ల మీదికి పోతుంది. అరగంటలవారీగా వేస్తే మొదటి భాగానికి 28 మంది, రెండో భాగానికి 22 మంది అని తేలేది. సగటు మళ్లీ 25 మందే! ఒక్క మనిషి కూడా అదనంగా అవసరం లేదు. ముగ్గురి అరగంట బ్రేకుని పదకొండు నుంచి పదకొండున్నరకి జరిపితే చాలు. అందుకే మంచి రోస్టర్లు అరగంట ముక్కల్లో, ఇంకా పెద్ద సెంటర్లలో పావుగంట ముక్కల్లో వేస్తారు.

ఇంతవరకూ చెప్పింది 25 కుర్చీల లెక్క. ఆ కుర్చీల్లో ఆ నిమిషాన హెడ్‌సెట్ పెట్టుకుని, లాగిన్ అయి ఉన్న మనుషుల లెక్క. జీతాల జాబితాలో ఉన్నవాళ్ల లెక్క వేరు. సెలవు పెట్టినవాళ్లు, శిక్షణలో ఉన్నవాళ్లు, టీమ్ మీటింగ్‌లో ఉన్నవాళ్లు, బ్రేక్‌లో ఉన్నవాళ్లు ఈ 25లోకి రారు. ఇలా చేజారే భాగాన్ని ష్రింకేజ్ అంటారు. అది 30 శాతం అనుకుంటే నియమించుకోవలసింది ఎంతమందిని? చాలామంది 25కి 30 శాతం కలిపి 33 అంటారు. 33 మందిలో 30 శాతం పోతే మిగిలేది 23 మందే. మొదట చూసిన మెట్ల ప్రకారం 23 అంటే సర్వీస్ లెవల్ 66 శాతం, సగటు నిరీక్షణ 42 సెకన్లు. సరైన దారి భాగహారం, 25ని 0.70తో భాగించాలి. 35.7 వస్తుంది, అంటే 36 మంది. కూడికకీ భాగహారానికీ మధ్య తేడా ముగ్గురు ఉద్యోగులు. వాళ్లు లేని లోటు ప్రతిరోజూ ఆ ఫ్లోర్ మీద మిగతావాళ్లు మోస్తారు.

ఎర్లాంగ్ సి చెప్పే మాటలో ఒక అవాస్తవం ఉంది, దాన్నీ తెలుసుకుని ఉండాలి. క్యూలో ఉన్నవాళ్లు ఎవరూ విసిగి పెట్టేయరని అది అనుకుంటుంది. 21 మందితో 3 నిమిషాల 48 సెకన్ల నిరీక్షణ అని చూశాం కదా, నిజంగా అంతసేపు అందరూ ఆగరు. కొందరు పెట్టేస్తారు, దాంతో మిగతావాళ్ల క్యూ కొంత కరుగుతుంది. అందువల్ల మనుషులు తక్కువ ఉన్నప్పుడు సూత్రం చెప్పేదానికంటే నిరీక్షణ తక్కువగా నమోదవుతుంది. స్వీడన్‌కి చెందిన కోనీ పామ్ 1940లలోనే కాలర్ల సహనాన్ని కూడా లెక్కలోకి తీసుకునే నమూనా తయారు చేశాడు, దాన్ని ఈనాడు ఎర్లాంగ్ ఎ అంటారు. మనుషులు సరిపడా ఉండి, పెట్టేసేవాళ్లు బాగా తక్కువగా ఉంటే రెండు నమూనాలూ దాదాపు ఒకే జవాబు ఇస్తాయి. పెట్టేసేవాళ్లు ఎక్కువగా ఉన్న చోట ఎర్లాంగ్ సిని నమ్మకూడదు. అలాగని పెట్టేసినవాళ్ల వల్ల క్యూ తగ్గింది కదా అని నిరీక్షణ అంకెని చూసి సంతోషించడం ఇంకా తప్పు. సగటు నిరీక్షణనీ, పెట్టేసినవాళ్ల శాతాన్నీ ఎప్పుడూ పక్కపక్కనే పెట్టి చదవాలి.

ఇక మేనేజర్లకి ఎప్పుడూ కంట్లో నలుసులా ఉండే విషయం, ఏజెంట్ల ఖాళీ. 25 మంది 20 ఎర్లాంగుల పని చేస్తున్నప్పుడు ఒక్కొక్కరూ గంటలో 48 నిమిషాలు కాల్ పనిలో ఉంటారు, 12 నిమిషాలు తర్వాతి కాల్ కోసం చూస్తూ ఉంటారు. ఆక్యుపెన్సీ 80 శాతం. ఆ పన్నెండు నిమిషాలూ ఒక్కచోట ఉండవు. ఇక్కడ ఇరవై సెకన్లు, అక్కడ నలభై సెకన్లు, మంచినీళ్లు ఒక గుక్క తాగేంత, మెడ ఒకసారి తిప్పుకునేంత. వాటిని వృథా అనుకుని నలుగురిని తీసేస్తే ఆక్యుపెన్సీ 95 శాతానికి వెళుతుంది, కాగితం మీద చూడముచ్చటగా ఉంటుంది. కానీ కస్టమర్ నిరీక్షణ దాదాపు నాలుగు నిమిషాలవుతుంది, కాల్ మొదట్లోనే కోప్పడే కస్టమర్‌ని శాంతపరచడానికి సమయం పట్టి ఏహెచ్‌టీ పెరుగుతుంది, అలసిన ఏజెంట్లకి సెలవులు ఎక్కువై ష్రింకేజ్ పెరుగుతుంది. అలా లెక్కలో పోసిన అంకెలన్నీ చెడిపోతాయి. 25 మంది ఉన్న ఫ్లోర్‌లో కస్టమర్ పన్నెండు సెకన్లకే జవాబు వింటున్నాడంటే, ఆ పన్నెండు నిమిషాల ఖాళీ వల్లే వింటున్నాడు. ఆ ఖాళీని కొనుక్కోకుండా ఆ సేవని అమ్మలేరు. 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో మొదలైన 108 అంబులెన్స్ సేవ లాంటి చోట్ల నిరీక్షణ సున్నాకి దగ్గరగా ఉండి తీరాలి కాబట్టి, అక్కడ ఖాళీ ఇంకా ఎక్కువ ఉండాలి. అక్కడ ఒక ఆపరేటర్ కాల్ కోసం ఎదురుచూస్తూ కనిపిస్తే వ్యవస్థ సరిగా పనిచేస్తోందని అర్థం.

చిన్న సంస్థలకి ఈ లెక్క మరీ ముఖ్యం, ఎందుకంటే చిన్న భారం మీద యాదృచ్ఛికత మరింత గట్టిగా దెబ్బ కొడుతుంది. గంటకి 12 కాల్స్ వచ్చి, ఒక్కోదానికి 5 నిమిషాలు పట్టే ఆసుపత్రి అపాయింట్‌మెంట్ డెస్క్‌ని తీసుకోండి. భారం ఒక్క ఎర్లాంగ్. ఒక మనిషిని పెడితే క్యూ ఎప్పటికీ తెమలదు. ఇద్దరిని పెడితే సగటు నిరీక్షణ 100 సెకన్లు. ముగ్గురిని పెడితే 14 సెకన్లు, కానీ ఒక్కొక్కరూ గంటలో 20 నిమిషాలే ఫోన్ మీద ఉంటారు. మిగతా నలభై నిమిషాల్లో వాళ్లకి రికార్డులు సర్దే పని, బిల్లుల పని ఇవ్వవచ్చు, ఫోన్ మోగగానే పక్కన పెట్టగలిగే పని అయితే చాలు. అలాంటి డెస్క్ నడుపుతున్నవాళ్లు ముందు చేయవలసింది గత నాలుగు వారాల కాల్ లాగ్ తీసి, అరగంటకి ఎన్ని కాల్స్ వచ్చాయో, ఎన్ని తీయకుండా పోయాయో రెండు వరుసల్లో రాసుకోవడం.